‘బాగా తినిపించండి’ అన్న ఆ ఒక్క వాక్యం కొట్టేయండి

ప్రశ్న: నేను అనంతపురం జిల్లాలో ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మా ఊర్లో 64 ఏళ్ల పెద్దాయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్, లివర్‌కు కూడా పాకింది. ఇంక ఇంటి దగ్గరే చూసుకోమని పెద్దాసుపత్రి నుంచి పంపించేసినారు. మార్ఫిన్ మాత్రలు వాడుతున్నాడు, షుగర్ కూడా ఉంది. మూడు వారాల నుంచి మంచం దిగలేదు. రోజు మొత్తానికి నాలుగైదు స్పూన్ల జావ పోతే గొప్ప. భార్య బలవంతంగా పోస్తోంది, ఆయన పళ్లు బిగిస్తాడు. ఆర్.ఎం.పి. రోజూ రెండు సెలైన్లు పెడుతున్నాడు, కాళ్లు వాచినాయి. బెంగళూరులో ఉండే కొడుకు ముక్కులో గొట్టం వేయించమంటాడు. నేను రిజిస్టర్‌లో ‘తిండి తక్కువ, బాగా తినిపించమని చెప్పాను’ అని రాస్తున్నా. ఇంకేం రాయాలి? ఆ ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలి?

జవాబు: ‘బాగా తినిపించమని చెప్పాను’ అన్న మాట రిజిస్టర్‌లోనే ఉండిపోదమ్మా, ఆ ఇంట్లో అది ఆర్డరైపోతుంది. ‘మేడమ్ చెప్పింది, నేనే పెట్టలేకపోతున్నా’ అని ఆ తల్లి తనను తాను తిట్టుకుంటూ మళ్లీ గ్లాసు పట్టుకుంటుంది. ఆ గ్లాసుకు ఆయన చెప్పగలిగిన జవాబు పళ్లు బిగించడం ఒక్కటే. ఆ వాక్యం తీసేసి దాని బదులు ఏం రాయాలో కింద పూర్తిగా ఇస్తున్నాం. అయితే తీసేసే ముందు ఒకసారి వెళ్లి, ఆయన తినలేకపోవడానికి మనం సరిచేయగలిగిన అడ్డం ఏమైనా ఉందేమో చూసి రావాలి. అది చూడకుండా ‘ఇంక అంతే’ అని రాయడం కూడా తప్పే.

టార్చి వేసి నోరు చూడండి. నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు మీగడలా తెల్లగా పట్టి ఉండి, గుడ్డతో తుడిస్తే కింద ఎర్రగా కనిపిస్తే అది ఫంగస్. షుగర్ ఉన్నవాళ్లకు, స్టెరాయిడ్ వాడినవాళ్లకు ఎక్కువగా వస్తుంది. క్లోట్రిమజోల్ నోటి మందు గానీ ఫ్లూకోనజోల్ గానీ డాక్టరు రాస్తే కొద్ది రోజుల్లోనే మంట తగ్గుతుంది. తర్వాత విరేచనం ఎప్పుడైందో అడగండి. మార్ఫిన్ వాడే మనిషికి మలబద్ధకం దాదాపు తప్పదు. నాలుగు రోజులు విరేచనం కాకపోతే కడుపు ఉబ్బి, కడుపులో తిప్పుతూ, నోట్లో ఏదీ పెట్టబుద్ధి కాదు. ‘తినేదే లేదు, విరేచనం యాడ నుంచి వస్తుంది’ అని ఇంట్లోవాళ్లు విరేచనం మాత్ర మానేస్తుంటారు. తినకపోయినా పేగులో మలం తయారవుతూనే ఉంటుంది కాబట్టి, మార్ఫిన్ నడిచినంత కాలం బిసాకోడిల్ లాంటి మాత్ర కూడా నడవాలి. వికారం ఉందా, మింగితే నొప్పి ఉందా అన్నది కూడా ఆయన్నే అడగండి.

ఈయన విషయంలో ఇంకొకటి అదే రోజు తేలాలి. తిండి ఇంత తగ్గిన మనిషికి పాత మోతాదులో షుగర్ మాత్రలు, ఇన్సులిన్ కొనసాగితే చక్కెర పడిపోతుంది. చెమటలు పట్టి మత్తుగా పడి ఉంటే, జబ్బు ముదిరిందని అందరూ అనుకుంటారు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర ఇంకా వేస్తున్నారేమో చూసి, డాక్టరుకు ఫోన్ చేసి ఆపడమో తగ్గించడమో చేయించండి. దాంతో పాటే స్వీటు పెట్టకూడదన్న పథ్యం కూడా ఎత్తేయాలి. షుగర్ వల్ల పదేళ్ల తర్వాత వచ్చే ఇబ్బందులను ఆపడానికి పెట్టిన పథ్యం అది. ఇప్పుడు ఒక స్పూను పాయసం అడిగితే కాదనడానికి కారణం లేదు.

ఇవన్నీ చూశాక కూడా తిండి పోకపోతే ఆయన ఏ దశలో ఉన్నాడో లెక్క కట్టండి. పాలియేటివ్ పర్ఫార్మెన్స్ స్కేల్ అని ఒకటుంది, 100 శాతం నుంచి పదేసి చొప్పున దిగుతుంది. పూర్తిగా మంచానికే అతుక్కుపోయి, అన్ని పనులూ ఇంకొకరు చేయాల్సి వస్తే 30. తిండి కొన్ని గుక్కలకు, స్పూన్లకు దిగితే 20. నోరు తడపడం తప్ప ఇంకేం లేకపోతే 10. మీరు చెప్పినదాన్ని బట్టి ఈయన 20లో ఉన్నారు. ఇక్కడ ఒక తేడా మాత్రం మరిచిపోవద్దు. అన్నవాహిక క్యాన్సర్‌తో గొంతు దిగక, ఆకలితో అలమటిస్తూ, ఇంకా లేచి తిరుగుతున్న మనిషి ఉంటాడు. అతనికి గొట్టమో స్టెంటో నిజంగా పనికొస్తుంది, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. ఈయనకు దారి మూసుకుపోలేదు, ఆకలే పోయింది. కింద చెప్పేదంతా ఇలాంటివాళ్ల గురించే.

ఇప్పుడు భార్యతో మాట. ఆయన మంచం పక్కన కాకుండా, పంచలోనో వంటింటి గడప దగ్గరో కూర్చుని, చెప్పడం మొదలుపెట్టకముందే అడగండి: ‘అమ్మా, ఆయన తినకపోతే ఏమవుతుందని మీకు భయంగా ఉంది?’ జవాబును బట్టి మీరు చెప్పాల్సింది మారుతుంది. ‘ఆకలితో పోతాడేమో’ అంటే ఒక సంగతి. ‘తిండి పెట్టకుండా సంపేసినారని ఊర్లో అంటారు’ అంటే ఇంకొక సంగతి. రెండింటికీ ఒకే ఉపన్యాసం పనిచేయదు.

మొదటి భయానికి చెప్పాల్సింది ఇది: ‘తినక జబ్బు ముదరలేదమ్మా, జబ్బు ముదిరి ఆకలి పోయింది.’ ముదిరిన క్యాన్సర్ ఉన్న ఒంట్లో సైటోకైన్లు అనే పదార్థాలు ఊరుతుంటాయి. అవి మెదడులో ఆకలి పుట్టే చోటును అణిచేస్తాయి, కండను కరిగిస్తాయి. కడుపు ఖాళీ కావడం కూడా మందగిస్తుంది కాబట్టి రెండు స్పూన్లకే నిండినట్టు ఉంటుంది. ఆసుపత్రి కాగితాల్లో కాకెక్సియా అని రాసేది దీన్నే. ఈ దశలో గుడ్లు, ప్రోటీన్ పొడి ఎంత పోసినా కండ పట్టదు. ఆమెకు ఇంత చెప్పక్కర్లేదు. ‘జ్వరం గట్టిగా వచ్చినప్పుడు మీకు సంగటి వాసన కూడా గిట్టదు కదా, పెట్టినవాళ్ల మీద కోపమొస్తుంది కదా, ఆయనకు ఇప్పుడు రోజంతా అట్లే ఉంది’ అంటే చాలు. ఈ దశకు వచ్చినవాళ్లలో చాలామందికి ఆకలి బాధ తెలియదనీ, తెలిసినవాళ్లకు కూడా నాలుగు స్పూన్లతో తీరిపోతుందనీ చెప్పండి. ఇది ఓదార్పు మాట కాదు, ఇలాంటి రోగులను దగ్గరుండి గమనించి తేల్చిన సంగతే.

రెండో భయానికి శాస్త్రం అక్కర్లేదు, మాట కావాలి. వచ్చినవాళ్లు అడిగితే ఏం చెప్పాలో ఆమెకు అందించండి: ‘అడిగినప్పుడల్లా పెడుతున్నాం, నోరు ఎండకుండా తడుపుతున్నాం, మేడమ్ వచ్చి చూసిపోతోంది.’ మీరు రాసిన నోట్‌లో తిండి భాగాన్ని తెలుగులో ఒక కాగితం మీద రాసి మంచం పక్క గోడకు అంటిస్తే ఇంకా మంచిది. చూడ్డానికి వచ్చిన వదిన, చిన్నమ్మ ఎవరికి వాళ్లు ఒక స్పూను పోసి పోయే అలవాటు దానితో ఆగుతుంది. ‘తిండి ఆపేయండి’ అన్న మాట మాత్రం ఎప్పుడూ వాడకండి. ఇక్కడ ఎవరూ ఏదీ ఆపడం లేదు, బలవంతం ఒక్కటే ఆపుతున్నాం.

ఆకలి పుట్టే మాత్ర లేదా అని తప్పకుండా అడుగుతారు. డెక్సామెథసోన్ కొన్నాళ్లు ఆకలి తెప్పిస్తుంది, కానీ షుగర్ పెంచుతుంది, నోట్లో ఫంగస్ తెస్తుంది, నిద్ర చెడగొడుతుంది. నెలల వ్యవధి ఉన్న మనిషికి డాక్టరు ఆలోచించదగ్గ మందు అది. 20 శాతానికి దిగిన ఈయనకు, అందులోనూ షుగర్ ఉన్నవాడికి, దానివల్ల ఒరిగేది తక్కువ.

సెలైన్ దగ్గర లెక్క చెప్పండి, మన రైతులకు లెక్క అర్థమవుతుంది. అర లీటరు 5 శాతం డెక్స్ట్రోస్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఐదు టీస్పూన్లు. రెండు సీసాలూ కలిపి 200 కేలరీలు దాటవు. నార్మల్ సెలైన్ అయితే ఆ చక్కెర కూడా ఉండదు, అర లీటరుకు నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్లే. రక్తంలో ప్రోటీన్ పడిపోయిన ఒంట్లో ఆ నీళ్లు రక్తనాళాల్లో నిలవక కణజాలంలోకి ఊరిపోతాయి. మీరు చూసిన కాళ్ల వాపు అదే. ఇంకా పోస్తే ఊపిరితిత్తుల్లోకి, పొట్టలోకి చేరి ఆయాసం, గొంతులో గురగుర పెరగొచ్చు. 2013లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో చివరి దశ క్యాన్సర్ రోగులు 129 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజుకు లీటరు సెలైన్, ఇంకొక గుంపుకు 100 మిల్లీలీటర్లు మాత్రమే ఇచ్చారు. బాధలు తగ్గడంలో గానీ, బతికిన రోజుల్లో గానీ తేడా కనిపించలేదు. ఆ కుటుంబం చెనిక్కాయ పండించేదైతే ఒక మాట వాళ్లకు తగులుతుంది: కోతకొచ్చిన చేనులో నీళ్లు నిలిస్తే కాయ ఊరదు, భూమిలోనే మొలకెత్తుతుంది. నీళ్లు మంచివే, పోసే వేళ దాటిపోయింది.

దీనికి మినహాయింపు ఉంది. పోయిన వారం దాకా లేచి కూర్చున్న మనిషి వాంతులో విరేచనాలో పట్టుకుని, లేదా మందు ఎక్కువై, ఉన్నట్టుండి తికమక పడితే డాక్టరు ఒకటి రెండు రోజులు సెలైన్ పెట్టి చూడొచ్చు. అలా పెట్టినా ఎందుకు పెట్టారు, ఏం మెరుగైతే కొనసాగిస్తారు, ఎప్పుడు ఆపుతారు అన్నది పెట్టకముందే రాసి ఉండాలి. ఆర్.ఎం.పి.తో ఇంట్లోవాళ్ల ముందు వాదించకండి. పక్కకు పిలిచి వాచిన పాదం మీద వేలితో నొక్కి గుంట చూపించండి, డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడించండి.

ముక్కు గొట్టం గురించి కొడుకుతో మీరే ఫోన్‌లో మాట్లాడండి, తల్లి చేత చెప్పించవద్దు. దూరాన ఉన్నవాడికి చేతులు ఊరికే ఉండవు, ఏదో ఒకటి చేయించాలనిపిస్తుంది. ఆ ఆరాటాన్ని ముందు గుర్తించి, తర్వాత విషయం చెప్పండి. గొట్టం గొంతులో గుచ్చుకుంటూనే ఉంటుంది, నిద్రమత్తులో రోగి లాగేస్తాడు, లాగకుండా చేతులు కట్టాల్సి వస్తుంది. గొట్టం ఉన్నంత మాత్రాన నోట్లో ఊరే లాలాజలం, కడుపులోంచి పైకి ఎగదన్నింది ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆగదు. అంత చేసినా ఈ దశలో ఆయుష్షు పెరగదు. ఆ తర్వాత అడగండి: ‘నాయనకు చిన్నప్పటి నుంచి ఏం ఇష్టం?’ దానికి అతను చెప్పే జవాబు మీ నోట్‌లోకి వస్తుంది, అతనికీ ఒక పని దొరుకుతుంది.

వీళ్లందరికంటే ముందు ఆయన్నే అడిగి ఉండాలి. మెలకువగా ఉన్న ఒక పది నిమిషాల్లో, ‘పెద్దాయనా, ఏమైనా నోటికి కావాలనిపిస్తోందా, వద్దనిపిస్తోందా’ అని. ఆయన అన్నది అన్నట్టే రాయండి. నోట్ ఇలా ఉండొచ్చు:

‘తేదీ, ఉదయం 11 గంటలు. ఊపిరితిత్తుల క్యాన్సర్, లివర్‌కు పాకింది. మూడు వారాలుగా మంచం మీదే, స్కేలు 20 శాతం. మెలకువలో ఉన్నప్పుడు స్పూనుతో ఇస్తే దగ్గు లేకుండా మింగుతున్నారు. నోట్లో ఫంగస్ లేదు, విరేచనం నిన్న అయింది, వికారం లేదు, పాదాల వాపు ఉంది. రోగి మాట: “సల్లటి మజ్జిగ చాలు, జావ పొయ్యొద్దు.”

తిండి లక్ష్యం: హాయి, రుచి, ఇంట్లోవాళ్లతో గడపడం. బరువు, కేలరీలు లక్ష్యం కాదు, బరువు చూడటం ఆపాం. ఇచ్చేది: ఆయన అడిగింది, అడిగినప్పుడు, అడిగినంత. పథ్యం ఏదీ లేదు. షుగర్ మాత్ర డాక్టరు ఫోన్‌లో ఆపించారు. ఆపాల్సింది: ముఖం తిప్పినా, పళ్లు బిగించినా, దగ్గినా, గొంతులో నీళ్లు నిలిచినట్టు మాట గురగురగా మారినా, నిద్రలోకి జారినా. నోటి శుభ్రత: రెండు గంటలకోసారి, పగలు భార్య, రాత్రి కూతురు.

గొట్టం, సెలైన్: ప్రయోజనం కంటే బాధ ఎక్కువ కాబట్టి వద్దని డాక్టరు నిర్ణయం, కుటుంబానికి వివరించాం. భార్య భయం: “ఆకలితో పోతాడేమో.” వివరించాక బలవంతం చేయనని ఒప్పుకున్నారు. కొడుకు గొట్టం విషయం ఇంకా ఒప్పుకోలేదు, ఆదివారం మళ్లీ మాట్లాడాలి. తిరిగి చూసేది: మూడు రోజుల్లో. మింగడం మారితే అదే రోజు.’

ఇందులో రెండు లైన్లు చాలామంది వదిలేస్తారు. ఒకటి, ‘ఆపాల్సింది’. అది లేకపోతే మీ తర్వాత వచ్చే నర్సు ‘అడిగినంత’ అన్నదాన్ని ‘పెట్టగలిగినంత’ అని చదువుకుంటుంది. రెండు, ఇంకా ఒప్పుకోనివాళ్లు ఎవరు అన్నది. అది రాయకపోతే రాత్రి పూట ఆయాసం వచ్చినప్పుడు అంబులెన్సులో పెద్దాసుపత్రికి చేరి, అక్కడ డ్యూటీ డాక్టరు కొడుకు మాట విని గొట్టం వేసేస్తాడు. ఈ నోట్ నకలు ఒకటి ఇంట్లో, మార్ఫిన్ చీటీతో పాటే ఉండాలి. ‘నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దు’ అని మాత్రం ఎక్కడా రాయకండి. ఆపరేషన్ ముందు రాసే మాట అది. దాన్ని చూసి నోరు తడపడం కూడా మానేస్తారు.

స్పూను పట్టుకునే తీరు ఆమెకు చేసి చూపించండి. వీపు వెనక చుట్టిన పరుపు, దిండ్లు పెట్టి సగం కూర్చున్నట్టు లేపాలి, గడ్డం కొంచెం కిందికి వంగి ఉండాలి. తల వెనక్కి వాల్చి గ్లాసు వంచితే ఊపిరి దారి తెరుచుకుని జావ నేరుగా అందులోకి పోతుంది. టీస్పూను నిండుగా వద్దు, సగం చాలు. పెదవికి ఆనించి, ఆయన నోరు తెరిచేదాకా ఆగాలి. మింగినప్పుడు గొంతు ముందు ముడి పైకి లేచి దిగుతుంది. ఆమె వేలు తీసుకుని ఆ ముడి మీద పెట్టి చూపించండి. అది కదిలాకే రెండో స్పూను. నాలుగు స్పూన్లకు ముఖం తిప్పితే ఆ పూట భోజనం అయినట్టే. తర్వాత అరగంట అలాగే కూర్చోబెట్టాలి. వేడి వేడి పులుసు వాసనకు వికారం వస్తుంది కాబట్టి చల్లారినవి నయం: మజ్జిగ, పలచని జావ, మెత్తగా నలిపిన కర్బూజ, ఓళిగ లోపలి పూర్ణం వేలి కొసంత. ఊరగాయ కారం నాలుకకు తగిలించి తీసేసినా రుచి తెలుస్తుంది. బొరుగులు, జొన్నరొట్టె లాంటి పొడిపొడిగా రాలేవి వద్దు.

దాహం అనిపించేది ఎక్కువగా నోరు ఎండటం వల్లే, అందుకే సీసా చేయలేని పని తడి గుడ్డ చేస్తుంది. గ్లాసు నీళ్లలో పావు టీస్పూను ఉప్పు, పావు టీస్పూను వంట సోడా కలిపి, మెత్తని నూలు గుడ్డ ముంచి, గట్టిగా పిండి, చిగుళ్లు, బుగ్గల లోపల, నాలుక తుడవాలి. తర్వాత పెదవులకు నెయ్యో వాజిలిన్నో రాయాలి. రెండు గంటలకోసారి చేతినిండా పని దొరికితే గ్లాసు పట్టుకోవాలన్న ఆరాటం దానంతటదే తగ్గుతుంది.

ఒకరోజు మీరు వెళ్లేసరికి స్పూను నీళ్లకే దగ్గు రావడమో, జావ బుగ్గలోనే నిలిచిపోవడమో, పిలిస్తే కళ్లు తెరవకపోవడమో కనిపిస్తుంది. ఆ రోజే నోట్ మార్చండి: స్కేలు 10 శాతం, నోరు తడపడం మాత్రమే. మార్ఫిన్ మాత్రం ఆగకూడదు. మామూలు మాత్రను కొన్ని చుక్కల నీళ్లలో కరిగించి బుగ్గలో పెట్టడమా, చర్మం కింద ఇంజెక్షనా అన్నది ఆ రోజు వెతుక్కోకుండా ఇప్పుడే డాక్టరును అడిగి రాసి పెట్టుకోండి. నిదానంగా కరిగే రకం మాత్ర అయితే నలగగొట్టకూడదు. గొంతులో గురగుర వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వినేవాళ్లకు ఉన్నంత బాధ ఆయనకు ఉండదని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

అప్పుడు అందరూ తులసి తీర్థం పోయడానికి వస్తారు. ముస్లింల ఇంట్లో అయితే జంజం నీళ్లు. వద్దనకండి. గొంతులో ఉద్ధరిణితోనో స్పూనుతోనో పోస్తే ఉక్కిరిబిక్కిరి అవుతాడు కాబట్టి, దూది ముంచి పిండి పెదవుల లోపలి అంచుకు అద్దమనండి. ఒక్కొక్కరికి ఒక్కసారి, రెండు చుక్కలు. వరసలో పదిమంది నిలబడ్డా నోట్లో నీళ్లు నిలవవు. ఆ నీళ్లు ఎవరి చేత్తో పడాలని ఆయన కోరుకున్నాడో ముందే అడిగి నోట్‌లో రాసుకోండి. కొడుకే అయితే బెంగళూరు నుంచి నాలుగైదు గంటల దారి, స్పూనుకు దగ్గు మొదలైన రోజే అతనికి ఫోన్ పోవాలి.